ఊళ్లు పెంచాలా, ఊళ్లో పిల్లల్ని పెంచాలా: క్లస్టర్ సర్వేలో శాంపిల్ సైజు లెక్క

ఒక జిల్లాలో 12 నుంచి 23 నెలల మధ్య వయసున్న పిల్లల్లో ఎంత శాతానికి టీకాలన్నీ పడ్డాయో తెలుసుకోవాలి. ఎంతమంది పిల్లల్ని చూస్తే చాలు? ఈ ప్రశ్నకి థీసిస్‌ల్లోనూ ప్రాజెక్టు రిపోర్టుల్లోనూ తరచూ ఒకే జవాబు కనిపిస్తుంది. శాతం తెలియదు కాబట్టి 50 అనుకుందాం, అటూ ఇటూ 5 శాతం తేడా ఒప్పుకుందాం, 385 వచ్చింది, కొన్ని ఊళ్లనే ఎంచుకుని అక్కడి పిల్లల్నే చూసే క్లస్టర్ సర్వే కాబట్టి అందుకోసం సంఖ్యని పెంచే డిజైన్ ఎఫెక్ట్ అనే అంకె 2తో గుణిద్దాం, 770 అయింది, ముప్పై ఊళ్లకి పంచితే ఊరికి 26 మంది. లెక్క అయిపోయింది, గైడ్ సంతకం పెట్టేశారు, కమిటీ కూడా అడగలేదు.

ఇందులో 385 దాకా జరిగింది సరైన లెక్కే. ఆ తర్వాత వచ్చిన 2 అనే అంకె దగ్గరే అసలు గొడవంతా ఉంది, ఎందుకంటే అది ఊరికి 26 మందిని చూసే సర్వే కోసం పుట్టిన అంకె కాదు. అది ఎక్కడ పుట్టిందో తెలిస్తే ఎక్కడ వాడకూడదో కూడా తెలుస్తుంది. ముందు మామూలు సూత్రాన్ని త్వరగా చూసేసి అక్కడికి వెళ్దాం.

జిల్లాలో ఉన్న పిల్లలందరి జాబితా చేతిలో ఉండి, అందులోంచి లాటరీ తీసినట్టు ఒక్కొక్కర్ని విడివిడిగా ఎంచుకోగలిగితే కావాల్సిన సంఖ్య ఇది:

n = z² × p(1−p) / d²

p అంటే మనం ఊహిస్తున్న శాతం, d అంటే ఒప్పుకునే తేడా, 95 శాతం నమ్మకానికి z విలువ 1.96. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 విడతలో దేశం మొత్తానికి పూర్తి టీకాల శాతం 76 చుట్టూ వచ్చింది కాబట్టి మన జిల్లాకి 75 అనుకోవడంలో తప్పులేదు. అప్పుడు 3.84 ని 0.75 × 0.25తో గుణించి 0.0025తో భాగిస్తే 288 కొంచెం దాటుతుంది, పైకి తీసుకుంటే 289. ఈ 289 ని గుర్తుపెట్టుకోండి, కిందంతా దీంతోనే పని.

ఇక్కడ చాలామందికి ఒక టెన్షన్ ఉంటుంది: జిల్లాలో నలభై వేలమంది పిల్లలుంటే 289 మందిని చూసి ఏం చెబుతాం, కనీసం పది శాతమైనా చూడొద్దా అని. అక్కర్లేదు. అంచనా ఎంత కచ్చితంగా ఉంటుందనేది చూసిన సంఖ్య మీద ఆధారపడుతుంది గానీ, జిల్లాలో మొత్తం ఎంతమంది ఉన్నారనే దానిమీద దాదాపు ఆధారపడదు. మొత్తం నలభై వేలే అని సూత్రానికి చెప్పి సవరించినా 289 కాస్తా 287 అవుతుంది, అంతే. శాంపిల్ మొత్తం జనాభాలో ఐదారు శాతం దాటితేనే ఆ సవరణ గురించి ఆలోచించడంలో అర్థం ఉంటుంది. పది శాతం అనే నియమానికి ఏ సూత్రమూ ఆధారం కాదు.

50 శాతం పెట్టుకుంటే సేఫ్ అనే మాటకి కూడా ఒక హద్దుంది. 5 శాతం తేడా అనే కొలతలో 50 దగ్గరే n అన్నిటికన్నా ఎక్కువ వస్తుంది, ఆ మేరకు నిజమే. కానీ కొలిచేది ఏ మూడు శాతం మందికో ఉండే సమస్య అయితే 3 ప్లస్ ఆర్ మైనస్ 5 అనే జవాబుతో ఎవరికీ ఉపయోగం లేదు. అక్కడ తేడాని ఆ మూడులో ఎంత భాగం అని చూసుకోవాలి. మూడులో ఐదో వంతు తేడా మాత్రమే ఒప్పుకుంటామంటే మూడు వేల పైచిలుకు మంది కావాలి. టీకాల శాతం లాంటి పెద్ద అంకెలకి ఈ బాధ లేదు కాబట్టి ముందుకెళ్దాం.

అసలు చిక్కు ఏమిటంటే, జిల్లా మొత్తం పిల్లల జాబితా ఎవరి దగ్గరా పూర్తిగా ఉండదు. ఉన్నా కూడా 289 మంది 289 చోట్ల చెల్లాచెదురుగా ఉంటారు, ఒక్కో పిల్ల కోసం ఒక్కో ఊరికి జీపు వేసుకుని తిరగడం కుదిరే పని కాదు. అందుకే ముందు కొన్ని ఊళ్లని (పట్టణంలో అయితే వార్డుల్లోని బ్లాకుల్ని) ఎంచుకుని, ఆ ఊళ్లలో మాత్రమే పిల్లల్ని చూస్తారు. ఊరే క్లస్టర్. తిరుగుడు తగ్గుతుంది, జాబితా కూడా ఆ కొన్ని ఊళ్లకే రాసుకుంటే చాలు. ఆ సౌకర్యానికి చెల్లించే ధరే డిజైన్ ఎఫెక్ట్.

ఒకే ఊరి పిల్లలు టీకాల విషయంలో ఒకరినొకరు పోలి ఉంటారు. వాళ్లందరికీ ఏఎన్ఎం ఒకరే, టీకాలు వేసే రోజు ఒకటే, ఆశా కార్యకర్త ఒకరే. ఏఎన్ఎం పోస్టు ఏడాదిగా ఖాళీగా ఉంటే ఆ నష్టం ఒక ఇంటితో ఆగదు, ఊరంతా వెనకబడుతుంది. ఆశా ఇల్లిల్లూ తిరిగి పిలుచుకొచ్చే ఊళ్లో పదిమందిలో పదిమందికీ పడి ఉంటాయి. అందువల్ల ఒక ఊళ్లో మొదటి నలుగురు పిల్లల కార్డులు చూశాక ఐదో పిల్ల కార్డులో ఏముంటుందో సగం ఊహించవచ్చు. ఊహించగలిగాం అంటే ఆ ఐదో కార్డు మనకి కొత్తగా చెప్పేది తక్కువ అని అర్థం. లెక్కలో ఆ కార్డు ఒక మనిషిగా నిలబడుతుంది గానీ సమాచారంలో ఒక మనిషి పూర్తిగా నిలబడడు.

ఈ పోలికని కొలిచే అంకెని ఇంట్రాక్లస్టర్ కోరిలేషన్, పొట్టిగా ఐసీసీ అంటారు, సూత్రాల్లో ρ అని రాస్తారు. సున్నా అయితే ఒకే ఊరివాళ్లు కావడం వల్ల ఏ పోలికా లేదని, ఒకటి అయితే ఊరంతా అచ్చంగా ఒకేలా ఉందని. పుట్టిన బిడ్డ ఆడా మగా అన్నది ఊరిని బట్టి మారదు కాబట్టి దాని ఐసీసీ దాదాపు సున్నా. ఇంట్లో తాగే నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయి అని అడిగితే ఊరంతా ఒకే ట్యాంకు పేరు చెప్పొచ్చు, ఐసీసీ బాగా పైకి వెళ్తుంది, ఇరవై ఇళ్లు అడిగినా ఒక ఇల్లు అడిగినట్టే. టీకాలు ఈ రెండింటి మధ్యలో ఎక్కడో ఉంటాయి. అంటే ఒకే సర్వేలో, అవే ఊళ్లలో, ప్రశ్న మారితే డిజైన్ ఎఫెక్ట్ కూడా మారిపోతుంది. "ఈ సర్వే డిజైన్ ఎఫెక్ట్ ఎంత?" అనే ప్రశ్న ఏ ప్రశ్నకో చెప్పకుండా అడిగితే దానికి జవాబే లేదు.

లెస్లీ కిష్ 1965లో ప్రచురించిన సర్వే శాంప్లింగ్ పుస్తకంతో బాగా వాడుకలోకి వచ్చిన సూత్రం ఇది:

deff = 1 + (m − 1) × ρ

deff అంటే డిజైన్ ఎఫెక్ట్, m అంటే ఒక్కో క్లస్టర్‌లో చూసే పిల్లల సంఖ్య. లాటరీ పద్ధతిలో వచ్చిన n ని దీనితో గుణిస్తే క్లస్టర్ సర్వేకి కావాల్సిన సంఖ్య వస్తుంది. తిప్పి చూస్తే, మనం చూసిన సంఖ్యని దీనితో భాగిస్తే అది ఎంతమంది విడివిడి పిల్లలకి సమానమో తెలుస్తుంది. ఈ రెండోదాన్ని ఎఫెక్టివ్ శాంపిల్ సైజు అంటారు. నిజానికి మన చేతిలో ఉన్న సర్వే బలం అదే.

సూత్రంలో m ఉందని గమనించండి. డిజైన్ ఎఫెక్ట్ అనేది జిల్లాకి గానీ జబ్బుకి గానీ అంటుకుని ఉండే అంకె కాదు, ఊరికి ఎంతమందిని చూస్తామనే మన నిర్ణయాన్ని బట్టి మారే అంకె. ఇప్పుడు ఆ 2 సంగతి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ టీకాల కార్యక్రమం కోసం ముప్పై క్లస్టర్లు, క్లస్టర్‌కి ఏడుగురు పిల్లలు అనే పద్ధతిని దేశదేశాల్లో వాడింది. హెండర్సన్, సుందరేశన్ 1982లో ఆ సంస్థ బులెటిన్‌లో రాసిన సమీక్ష దీనికి బాగా ప్రసిద్ధి. ఆ లెక్క చాలా సూటిగా ఉంటుంది. శాతం 50 అనుకున్నారు, తేడా 10 శాతం దాకా ఒప్పుకున్నారు, 96 వచ్చింది. డిజైన్ ఎఫెక్ట్ 2 పెట్టారు, 192 అయింది. ముప్పైతో భాగిస్తే 6.4, పైకి తీసుకుంటే 7. మొత్తం 210. అంటే ఆ 2 అనే అంకె ఊరికి ఏడుగురు అనే నిర్ణయంతో కలిసే పుట్టింది. సూత్రంలో వేసి చూస్తే 2 = 1 + 6ρ, ఐసీసీ ఆరో వంతు, సుమారు 0.17 అని ఒప్పుకున్నట్టు.

ఇప్పుడు మొదట్లో చెప్పిన 770 దగ్గరికి వద్దాం. ఊరికి 26 మందిని చూస్తూ కూడా డిజైన్ ఎఫెక్ట్ 2 అనే అన్నారు. అదే 0.17 ఐసీసీతో ఊరికి 26 మంది అంటే డిజైన్ ఎఫెక్ట్ 5 దాటుతుంది. ముప్పై ఊళ్లలో చూసిన 780 మంది 151 మంది విడివిడి పిల్లలతో సమానం అవుతారు. ప్లస్ ఆర్ మైనస్ 5 అని రాసుకున్న సర్వే నిజానికి ఇచ్చేది ప్లస్ ఆర్ మైనస్ 8. ఐసీసీ అంత ఎక్కువ కాదు, 0.1 మాత్రమే అని సర్దిచెప్పుకున్నా డిజైన్ ఎఫెక్ట్ 3.5, తేడా 6.6 శాతం వస్తుంది. 26 మందితో డిజైన్ ఎఫెక్ట్ 2కి దిగాలంటే ఐసీసీ 0.04 ఉండాలి. టీకాల విషయంలో అంత తక్కువ ఉంటుందని ఆశపడటానికి ఏదో ఒక ఆధారం చూపించాలి కదా. పాత పద్ధతిలోంచి అంకెని తీసుకుని ఆ అంకెని సరైనదిగా నిలబెట్టిన షరతుని వదిలేయడం, జరిగిన తప్పు ఇదే.

మన జిల్లా లెక్కని ఇప్పుడు సరిగ్గా వేద్దాం. కావాల్సింది 289 మంది విడివిడి పిల్లలకి సమానమైన సమాచారం. ఐసీసీ 0.1 అనుకుందాం. ముప్పై ఊళ్లే తీసుకుంటాం, చాలకపోతే ఊరికి ఎక్కువమందిని చూస్తాం అనుకుంటే ఏమవుతుందో చూడండి. ఊరికి ఏడుగురు అయితే 210 మంది, డిజైన్ ఎఫెక్ట్ 1.6, ఎఫెక్టివ్ సైజు 131. ఊరికి 20 అయితే 600 మంది, డిజైన్ ఎఫెక్ట్ 2.9, ఎఫెక్టివ్ సైజు 207. ఊరికి 40 అయితే 1,200 మంది, డిజైన్ ఎఫెక్ట్ 4.9, ఎఫెక్టివ్ సైజు 245. పిల్లల సంఖ్య రెట్టింపు చేస్తే 207 కాస్తా 245 అయింది, అంతే. ఇంకా పెంచుకుంటూ పోతే? 289 కి చేరాలంటే ఊరికి 237 మంది కావాలి, మొత్తం 7,110 మంది. చాలా ఊళ్లలో ఆ వయసు పిల్లలు అంతమంది అసలు ఉండనే ఉండరు.

దీని వెనక ఒక గోడ ఉంది. m ఎంత పెంచినా ఎఫెక్టివ్ సైజు క్లస్టర్ల సంఖ్యని ఐసీసీతో భాగిస్తే వచ్చేదాన్ని దాటదు. ముప్పై భాగించు 0.1 అంటే 300. ముప్పై ఊళ్లలో ఉన్న ప్రతి పిల్లనీ చూసినా, జిల్లా గురించి చెప్పే మాటకి ఆ 300 ని మించిన బలం రాదు, ఎందుకంటే మిగతా ఊళ్ల గురించి మనకి తెలిసింది ఈ ముప్పై ఊళ్ల ద్వారానే. ఐసీసీ 0.17 అయితే ఆ గోడ 180 దగ్గరే నిలబడుతుంది, అంటే ముప్పై ఊళ్లతో ఆ జిల్లాలో 5 శాతం తేడాతో చెప్పడం ఎవరివల్లా కాదు. అందుకే సర్వే ప్లాన్ చేసేటప్పుడు మొదట వేసుకోవాల్సిన లెక్క ఈ భాగహారం. ఆ గోడ మనకి కావాల్సిన n కి బాగా పైన లేకపోతే ఊళ్లు పెంచడం తప్ప వేరే దారి లేదు.

ఊళ్లు పెంచితే పరిస్థితి ఒక్కసారిగా మారిపోతుంది. 40 ఊళ్లు అయితే ఊరికి 24 మంది, మొత్తం 960. 49 ఊళ్లు అయితే ఊరికి 13 మంది, మొత్తం 637. 60 ఊళ్లు అయితే ఊరికి 9 మంది, మొత్తం 540. ముప్పై ఊళ్లలో ఏడు వేలమంది చేసే పనిని అరవై ఊళ్లలో 540 మంది చేసేస్తున్నారు.

మరి ఎన్ని ఊళ్ల దగ్గర ఆగాలి? ఇది ఖర్చు ప్రశ్న. ఒక ఊరిని శాంపిల్‌లో చేర్చడానికి బండి, ఇళ్ల జాబితా రాయడం, టీమ్ రోజు కూలీ అన్నీ కలిపి 6,000 రూపాయలు, ఊళ్లోకి వెళ్లాక ఒక్కో పిల్లకి 300 రూపాయలు అవుతుందనుకుందాం. ఊరికి ఎంతమందిని చూడటం చౌక అనేదానికి సూత్రం:

m = √[ (C1 / C2) × (1 − ρ) / ρ ]

ఊరి ఖర్చు C1, పిల్ల ఖర్చు C2, వాటి నిష్పత్తి 20. ఐసీసీ 0.1 కాబట్టి రెండో భాగం 9. 180 కి వర్గమూలం 13.4. అందుకే పైన 13 మంది, 49 ఊళ్లు అని కనిపించింది, దానికి ఖర్చు 4,85,100. అరవై ఊళ్లు, తొమ్మిదిమంది అయితే 5,22,000. నలభై ఊళ్లు, ఇరవై నలుగురు అయితే 5,28,000. ఈ మూడూ దగ్గరదగ్గరగానే ఉన్నాయి, అంటే ఊరికి 9 కీ 24 కీ మధ్య ఎక్కడ పడినా ఖర్చు పెద్దగా మారదు, దశాంశాల దగ్గర పట్టుబట్టాల్సిన పనిలేదు. ముప్పై ఊళ్ల ప్లాన్ మాత్రం 23 లక్షలు దాటుతుంది.

ఖర్చు దగ్గరదగ్గరగా ఉన్నప్పుడు ఎక్కువ ఊళ్లున్న ప్లాన్ వైపే మొగ్గడం మంచిది. కారణం, ఐసీసీ మన ఊహ మాత్రమే. అది 0.1 కాదు, 0.2 అని తర్వాత తేలితే అరవై ఊళ్ల సర్వే 5 శాతం బదులు 5.9 శాతం తేడా ఇస్తుంది, 49 ఊళ్లది 6.2 ఇస్తుంది. ఊరికి ఇరవైమంది చొప్పున ముప్పై ఊళ్లు చూసిన సర్వే మొదటే 5.9 దగ్గర ఉంది, ఇప్పుడు 7.6 కి జారుతుంది. ఊరికి తక్కువమందిని చూస్తే ఐసీసీ విషయంలో మన ఊహ తప్పినా దెబ్బ చిన్నది.

ఆ ఊహ ఎక్కడినుంచి తేవాలి అన్నది తర్వాతి చిక్కు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లాంటి పెద్ద సర్వేల రిపోర్టుల చివర శాంప్లింగ్ ఎర్రర్ల పట్టికలు ఉంటాయి, అందులో ఒక్కో సూచికకీ డిజైన్ ఎఫెక్ట్ ఇస్తారు. అయితే అక్కడ చాలాసార్లు ఇచ్చేది deft, అంటే deff కి వర్గమూలం. ఆ పట్టికలో 1.3 అని చూసి దాన్నే సూత్రంలో పెట్టేస్తే తప్పు, వర్గం చేస్తే 1.69 వస్తుంది, అదీ deff. దాన్ని కూడా నేరుగా తెచ్చి మన సర్వేలో పెట్టకూడదు, ఎందుకంటే వాళ్ల m వేరు. వాళ్ల సర్వేలో ఒక్కో క్లస్టర్‌లో ఇరవై పైచిలుకు ఇళ్లు చూసినా, మన వయసు పిల్లలు అందులో సగటున ఏ ఒకరో ఇద్దరో దొరికి ఉంటారు. పట్టికలో ఉన్న డిజైన్ ఎఫెక్ట్ ఆ కొద్దిమందికి సంబంధించింది. లెక్క చూపడానికి క్లస్టర్‌కి సగటున నలుగురు దొరికిన ఒక సర్వేలో 1.69 వచ్చిందనుకుంటే 0.69 ని 3 తో భాగించాలి, ఐసీసీ 0.23. ఇప్పుడు మనం ఊరికి పదిమందిని చూడబోతున్నాం అంటే డిజైన్ ఎఫెక్ట్ 1.3 కాదు, 1.69 కూడా కాదు, 3.07. డిజైన్ ఎఫెక్ట్‌ని అరువు తెచ్చుకోకూడదు, ఐసీసీని తెచ్చుకుని మన m తో డిజైన్ ఎఫెక్ట్ మళ్లీ కట్టుకోవాలి. (పెద్ద సర్వేల deff లో వెయిట్ల వల్ల వచ్చే పెంపు కూడా కలిసి ఉంటుంది కాబట్టి ఇలా తీసిన ఐసీసీ అసలుకన్నా కాస్త ఎక్కువగా రావచ్చు. ప్లాన్ చేసేటప్పుడు ఆ వైపు తప్పు పెద్ద హాని చేయదు.)

లెక్క ప్రకారం ఊరికి 13 మంది అన్నాం, మరి దొరుకుతారా? వెయ్యి జనాభాకి ఏడాదికి 16 జననాలు, ఇంటికి నలుగురు అనుకుంటే 250 ఇళ్లకి ఆ వయసు పిల్లలు సుమారు 16 మంది. అంటే పదిహేను పదహారు ఇళ్లకి ఒకరు. 13 మంది కావాలంటే రెండొందల ఇళ్ల జాబితా రాయాలి. ఆ ఊరి ఇళ్లే 120 అయితే ఎనిమిదిమంది దగ్గర ఆగిపోతాం. కాబట్టి ఊళ్లని ఎంచుకునే ముందే చిన్న ఊళ్లని పక్క ఊరితో కలిపి ఒక క్లస్టర్ చేసుకోవాలి, పెద్ద ఊళ్లని ముక్కలు చేసి ఒక ముక్కని లాటరీలో తీయాలి. తలుపు తాళం, ఊరెళ్లిన తల్లి, కార్డు చూపించనన్న ఇల్లు, వీటికోసం పదిశాతం పోతారనుకుంటే 13 ని 0.9తో భాగించి 15 మందిని జాబితాలోంచి ముందే ఎంచుకోవాలి. డిజైన్ ఎఫెక్ట్‌తో గుణించాక చివర్లో చేయాల్సిన భాగహారం ఇది. దొరకని పిల్ల బదులు పక్కింటి పిల్లని వేసుకోవడం మాత్రం వద్దు. పగలు ఇంట్లో దొరికే కుటుంబాలకీ పనులకి వెళ్లి తాళం వేసుండే కుటుంబాలకీ టీకాల విషయంలో తేడా ఉంటుంది, ఆ తేడాని శాంపిల్ సైజు ఎంత పెంచినా సరిదిద్దలేం.

ముప్పై ఇంటూ ఏడు పాత పద్ధతిలో బలహీనత కూడా ఇక్కడే ఉంది. మొదటి ఇంటిని యాదృచ్ఛికంగా ఎంచుకుని, అక్కడినుంచి పక్కిల్లు, దాని పక్కిల్లు అంటూ ఏడుగురు నిండేదాకా వెళ్లేవారు. ఊళ్లో ఒకే వీధివాళ్లు, చాలాసార్లు ఒకే కులంవాళ్లు ఒకచోట ఉంటారు కాబట్టి ఆ ఏడుగురూ ఊరి పిల్లలందరికన్నా ఇంకా ఎక్కువగా ఒకరినొకరు పోలి ఉంటారు. ఐసీసీ పైకి పోతుంది, ఏ ఇంటినుంచి మొదలుపెట్టాలనే దాంట్లో సర్వే చేసేవాళ్ల సౌకర్యం కూడా దూరిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మాన్యువల్‌లో ఆ తీరుని వదిలేసి, ఇళ్ల జాబితా రాసి అందులోంచి యాదృచ్ఛికంగా ఎంచుకోమంది. ఎంచుకున్న క్లస్టర్‌లో ఊరి నాలుగు వైపులనుంచీ ఇళ్లు పడేలా చూసుకుంటే అదే ఊరికి అదే సంఖ్యతో ఎక్కువ సమాచారం వస్తుంది.

సర్వే అయ్యాక లెక్క ఎలా వచ్చిందో తేల్చుకోవడానికి సాఫ్ట్‌వేర్ ముందు చేత్తోనే ఒకటి చూడొచ్చు. ముప్పై ఊళ్లలో ఇరవైమంది చొప్పున చూశారు, మొత్తం మీద 75 శాతం వచ్చింది అనుకుందాం. ఊరికి సగటున 15 మందికి పూర్తి టీకాలు. ఊరివల్ల ఏ తేడా లేకపోతే కేవలం అదృష్టం వల్ల ఈ 15 అటూ ఇటూ రెండు చొప్పున ఊగుతుంది, అంటే దాదాపు అన్ని ఊళ్లూ 11 కీ 19 కీ మధ్య ఉండాలి. పట్టికలో నాలుగైదు ఊళ్లు 20 కి 20, ఇంకో మూడు ఊళ్లు 8, 6, 4 అని కనిపిస్తే క్లస్టర్ ప్రభావం కళ్లముందే ఉంది. ఆ పట్టికని పక్కన పెట్టి, 600 మందిని లాటరీలో తీసినట్టు మామూలు సూత్రం వేస్తే తేడా 3.5 శాతం అని వస్తుంది. ఐసీసీ 0.1 అయితే అసలు తేడా 5.9. మొదటి అంకె రిపోర్టులోకి ఎక్కితే, పోయినసారి 70, ఈసారి 75, నిజంగా పెరిగింది అని ప్రెస్‌మీట్ పెట్టేస్తారు, పెరిగిందని చెప్పడానికి ఆధారం లేకపోయినా.

క్లస్టర్ పేరుని సాఫ్ట్‌వేర్‌కి చెబితే అదే సరిచూస్తుంది. R లో అయితే ఇంతే:

```r
library(survey)
d <- svydesign(ids = ~cluster, weights = ~wt, data = kids)
svymean(~full_vacc, d, deff = "replace")
```

ఇక్కడ `full_vacc` 0 లేదా 1 ఉండాలి, `cluster` అంటే ఊరి నంబరు. ఊళ్లని జనాభా దామాషాలో ఎంచుకుని ప్రతి ఊళ్లో సమానంగా పిల్లల్ని తీసుకుంటే వెయిట్లు దాదాపు ఒకేలా వస్తాయి, కానీ జనాభా లెక్కల్లోని ఇళ్ల సంఖ్యకీ మనం వెళ్లి రాసిన జాబితాకీ తేడా వచ్చిన ఊళ్లకి వెయిట్ మారుతుంది, అందుకే ఆ కాలమ్ వదిలేయకూడదు. వచ్చిన deff ని శాతంతో పాటు, ఊరికి సగటు పిల్లల సంఖ్యతో పాటు రిపోర్టులో రాసిపెట్టాలి. ఈ మూడూ ఉంటే తర్వాత అదే జిల్లాలో సర్వే చేసేవాళ్లు ఐసీసీ తీసుకుని తమ లెక్క తాము వేసుకోగలరు. ఒట్టి శాతం ఒక్కటే రాస్తే వాళ్లు మళ్లీ ఆ 2 దగ్గరికే వెళ్తారు, ఇంకేం చేస్తారు.

బడ్జెట్ ముప్పై ఊళ్లకి మించి రాదని తేలిపోతే ఏం చేయాలి? అప్పుడు ఊరికి పదిమందిని చూసి ఆపేసి, తేడా 6.8 శాతం అని ముందే ప్రోటోకాల్‌లో రాసుకోవడం సరైన పని. ఊరికి ఇరవై చేసి సర్వే పని రెట్టింపు చేసినా అది 5.9 దాకే దిగుతుంది, ఆ తొమ్మిది పదో వంతుల కోసం ఇంకో మూడొందల ఇళ్ల తలుపు తట్టాలి. మన్యం మండలాలకి వేరుగా, మైదాన మండలాలకి వేరుగా శాతం కావాలంటే ఈ ముప్పైని పదిహేను పదిహేనుగా విడదీసి చెప్పడం కుదరదు. పదిహేను ఊళ్లకి గోడ 150 దగ్గరే ఉంటుంది, అంటే ఉన్న పిల్లలందర్నీ చూసినా 75 శాతానికి తేడా 7 దగ్గర నుంచి కిందికి రాదు, ఊరికి పదిమందితో అయితే 9.6 ఉంటుంది. ఆ రెండు అంకెలూ విడివిడిగా 5 శాతం తేడాతో కావాలనుకుంటే 49 ఊళ్ల లెక్క రెండుసార్లు వేయాలి. మన్యంలో ఒక ఊరికి వెళ్లే ఖర్చు ఎక్కువ కాబట్టి అక్కడ m కొంచెం పెరుగుతుంది. గూడేలు చిన్నవి కావడం వల్ల అంతమంది పిల్లలు ఒకచోట దొరకరు కాబట్టి నాలుగైదు గూడేలు కలిపి ఒక క్లస్టర్ చేయాల్సి వస్తుంది, ఆ కలపడం ఊళ్లని లాటరీలో తీయకముందే జరగాలి.